0.6 అంటే నలభై శాతం నష్టం కాదు: ఆరిఫిస్ ప్లేట్, వెంచురీ మీటర్ లెక్కల్లో డిశ్చార్జ్ కోఎఫిషియంట్

నల్లగొండ ప్రాంతంలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి చాలా ఊళ్లకు తాగునీరు కృష్ణా నది నుంచి పైపుల్లోనే రావాలి. అలా వచ్చే నీటిని ఏదో ఒక పంప్‌హౌస్‌లో కొలవక తప్పదు. ఊరికి ఎంత పంపామన్న లెక్క కోసమే కాదు, ఆ నీటిలో పటిక ఎంత కలపాలి, క్లోరిన్ ఎంత వదలాలి అన్నది కూడా గంటకు ఎన్ని ఘనపు మీటర్లు పోతున్నాయన్న అంకె మీదే ఆధారపడి ఉంటుంది. ఈ కొలతకు ఇప్పుడు విద్యుదయస్కాంత మీటర్లు, అల్ట్రాసోనిక్ మీటర్లు వచ్చినా, పైపులో ఒక ఇరుకును పెట్టి, దాని ముందూ తర్వాతా పీడనం ఎంత తేడా ఉందో చూసి ప్రవాహాన్ని లెక్కగట్టే పాత పద్ధతి ఇంకా పోలేదు. పాలిటెక్నిక్ ప్రయోగశాలలో విద్యార్థి మొదట నేర్చుకునేదీ అదే.

లోపలి వ్యాసం 300 మిల్లీమీటర్లు ఉన్న ఒక పైపును ఉదాహరణగా తీసుకుందాం. అందులో మధ్యన 150 మిల్లీమీటర్ల రంధ్రం కోసిన పలకను, అంటే ఆరిఫిస్ ప్లేట్‌ను బిగించి, పాదరసం ఉన్న యూ-ట్యూబ్ మానోమీటర్ తగిలిస్తే, రెండు గొట్టాల్లో పాదరసం ఎత్తుల తేడా 200 మిల్లీమీటర్లు చూపించిందనుకుందాం. అదే నీరు, అదే వేగంతో, క్రమంగా సన్నబడి మళ్లీ విశాలమయ్యే గొట్టం, అంటే అదే 150 మిల్లీమీటర్ల గొంతు ఉన్న వెంచురీ మీటర్ గుండా పోతే మానోమీటర్ తేడా సుమారు 75 మిల్లీమీటర్లే ఉంటుంది. నీరు మారలేదు, రంధ్రం కొలతా మారలేదు, అయినా ఒకదాని రీడింగ్ రెండోదానికి రెండున్నర రెట్లకు పైగా ఉంది. ఎందుకని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: ఆరిఫిస్ కోఎఫిషియంట్, అంటే సిద్ధాంతం లెక్కగట్టిన ప్రవాహంలో నిజంగా పోయే వంతు, 0.6 కాబట్టి నలభై శాతం శక్తి రాపిడిలో పోతుంది, వెంచురీకి అది 0.98 కాబట్టి రెండు శాతమే పోతుంది అని. ఈ జవాబు తప్పు. రెండు అంకెల పేరు ఒకటే అయినా అవి చెప్పే సంగతులు వేరు.

బెర్నూలీ సమీకరణం చెప్పేది సూటిగానే ఉంటుంది. పైపు అడ్డంగా, సమమట్టంలో ఉందనుకుంటే, ఒకే ధార వెంట వెళ్లే నీటిలో పీడన హెడ్, వేగపు హెడ్ రెండూ కలిపిన మొత్తం మారదు. హెడ్ అంటే నీటిలోని శక్తిని నీటి ఎత్తుగా, మీటర్లలో చెప్పే కొలత. వేగం పెరిగిన చోట పీడనం ఆ మేరకు తగ్గుతుంది. డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన సూత్రంలో రాపిడికి చోటు లేదు. దీనికి కంటిన్యూటీ నియమాన్ని, అంటే పైపులో ఒక చోట సెకనుకు ఎంత నీరు దాటితే ఇంకో చోటా అంతే దాటుతుందన్న మాటను కలిపితే, పైపు వేగాన్నీ గొంతు వేగాన్నీ విడివిడిగా కొలవాల్సిన పని లేకుండా, పీడనం తేడా ఒక్కదానితో ప్రవాహం తేలిపోతుంది. చివరకు మిగిలే సూత్రం ఇది:

```
Q = C × A2 × √(2gh) / √(1 − β⁴)
h = x × (13.6 − 1)
β = d / D
```

ఇందులో Q అంటే సెకనుకు పోయే ప్రవాహం, A2 అంటే రంధ్రం లేదా గొంతు వైశాల్యం, d అంటే దాని వ్యాసం, D అంటే పైపు వ్యాసం, g అంటే గురుత్వ త్వరణం, h అంటే నీటి మీటర్లలో హెడ్ తేడా, x అంటే మానోమీటర్‌లో పాదరసం తేడా, C అంటే డిశ్చార్జ్ కోఎఫిషియంట్. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువైనా లెక్కలో 12.6 వాడటానికి కారణం ఉంది. పాదరసం కిందికి దిగిన గొట్టంలో ఆ ఖాళీని నీరే నింపుతుంది, ఆ నీటి బరువు ఎదురు నిలుస్తుంది కాబట్టి ఒకటి తీసివేయాలి. పరీక్షల్లో ఈ ఒకటిని మరిచిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. మరిచిపోతే హెడ్ ఎనిమిది శాతం, ప్రవాహం నాలుగు శాతం ఎక్కువగా వస్తాయి.

ఇప్పుడు అంకెలు వేద్దాం. 200 మిల్లీమీటర్ల పాదరసం అంటే 0.2 × 12.6, అంటే 2.52 మీటర్ల నీటి హెడ్. దానికి √(2gh) విలువ సెకనుకు 7.03 మీటర్లు. రంధ్రం వైశాల్యం 0.01767 చదరపు మీటర్లు. β విలువ 0.5 కాబట్టి 1/√(1 − β⁴) విలువ 1.033. మూడింటినీ గుణిస్తే సెకనుకు 0.1283 ఘనపు మీటర్లు, అంటే 128.3 లీటర్లు వస్తుంది. ఇది బెర్నూలీ ఒక్కడినే నమ్మితే వచ్చే అంకె. ఈ పైపుకు, ఈ వేగానికి, పీడనపు రంధ్రాలు ప్లేటుకు ముందు ఒక పైపు వ్యాసం దూరంలో, వెనుక అర వ్యాసం దూరంలో ఉన్నప్పుడు ఐఎస్ఓ 5167 ప్రమాణం ప్రకారం C విలువ దాదాపు 0.605. గుణిస్తే అసలు ప్రవాహం సెకనుకు 77.6 లీటర్లు, గంటకు సుమారు 279 ఘనపు మీటర్లు. సిద్ధాంతానికీ వాస్తవానికీ మధ్య యాభై లీటర్ల తేడా వచ్చింది. అసలు ప్రశ్న ఈ యాభై లీటర్ల గురించే.

పొలం గట్టుకు మడవ తీసినప్పుడు నీరు ఎలా పోతుందో గమనిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మడవకు ఎదురుగా ఉన్న నీరు నేరుగా వస్తుంది. పక్కల ఉన్న నీరు గట్టు వెంట అడ్డంగా వచ్చి అంచు దగ్గర మలుపు తిరగాలి. ఆ నీరు అంచు దాటగానే ఒక్కసారిగా తిన్నగా కాలేదు, అడ్డంగా వచ్చిన ఊపుతో ఇంకొంచెం లోపలికే నెడుతుంది. అందుకే ధార మడవ వెడల్పు కంటే మడవ దాటాక మరింత సన్నబడుతుంది. ఆరిఫిస్ ప్లేటులోనూ జరిగేది ఇదే. ప్లేటు ముఖం వెంట గోడల వైపు నుంచి వచ్చే నీరు పదునైన అంచు దగ్గర మలుపు తిరిగి, ప్లేటు దాటిన తర్వాత దాదాపు అర పైపు వ్యాసం దూరంలో అత్యంత సన్నని ధారగా మారుతుంది. దీన్ని వీనా కాంట్రాక్టా అంటారు. వెనుక పీడన రంధ్రాన్ని సరిగ్గా ఆ ప్రాంతంలోనే పెట్టడం కాకతాళీయం కాదు. ఆ ధార వైశాల్యం రంధ్రం వైశాల్యంలో 63 శాతం దగ్గర ఉంటుంది.

అంటే మానోమీటర్ కొలిచే పీడనం సన్నబడిన ధార దగ్గరిది, సూత్రంలో మనం వేసే వైశాల్యం మాత్రం ప్లేటులో కోసిన రంధ్రానిది. రంధ్రాన్ని కొలబద్దతో కొలవగలం. నీటి లోపల ఏర్పడే ధారను కొలవలేం కాబట్టి ఈ సర్దుబాటుకు ఒప్పుకున్నాం. ఒకవేళ రంధ్రం వైశాల్యం బదులు 63 శాతం వైశాల్యాన్నే సూత్రంలో పెట్టి, C లేకుండా బెర్నూలీతో లెక్కిస్తే సెకనుకు 79 లీటర్లు వస్తుంది. అసలు ప్రవాహం 77.6. మిగిలిన తేడా రెండు శాతం మాత్రమే. రాపిడి, పైపు మధ్యలోనూ గోడ దగ్గరా వేగం ఒకేలా లేకపోవడం వంటి వాటికి దక్కే వాటా ఆ రెండు శాతమే. బెర్నూలీ సమీకరణం ఇక్కడ తప్పలేదు, దానికి మనం ఇచ్చిన వైశాల్యం తప్పు. 0.605లో అత్యధిక భాగం ఆ తప్పును సరిదిద్దే జ్యామితి గుణకం.

వెంచురీలో ఈ చిక్కు లేదు. దాని ముందు భాగం సుమారు 21 డిగ్రీల కోణంతో క్రమంగా సన్నబడుతుంది కాబట్టి నీరు గోడను వదలకుండానే గొంతులోకి చేరుతుంది. గొంతులో ధార వైశాల్యమూ గొంతు వైశాల్యమూ ఒకటే. అందుకే అక్కడ C విలువ, పోత ఇనుముతో చేసిన దానికి 0.984, లోపల నునుపుగా తరిమెన పట్టిన దానికి 0.995 ప్రాంతంలో ఉంటుంది. ఒకటికి తక్కువపడే ఆ ఒకటి రెండు శాతం మాత్రం నిజంగా రాపిడి లెక్కే. మన ఉదాహరణలో C ను 0.985గా తీసుకుంటే, 77.6 లీటర్ల ప్రవాహానికి కావలసిన హెడ్ 2.52 మీటర్లను (0.605/0.985)² తో గుణిస్తే వచ్చే 0.95 మీటర్లు, పాదరసంలో 75.5 మిల్లీమీటర్లు. మొదట చెప్పిన రెండు రీడింగుల తేడా ఇలా వచ్చింది. ఆరిఫిస్‌లో నీరు చిన్న ధారగా కుదించుకుపోయి మరింత వేగంగా పోతుంది కాబట్టి పీడనం మరింత పడిపోతుంది, అంతే.

మరి ఆరిఫిస్ శక్తిని తినదా అంటే, తింటుంది, బాగానే తింటుంది. కాకపోతే ఆ నష్టం C లో కనిపించదు. అది మానోమీటర్ గొట్టాలు రెండింటినీ దాటిన తర్వాత జరుగుతుంది. సన్నని ధార మళ్లీ 300 మిల్లీమీటర్ల పైపును నింపాలి. చుట్టూ అడ్డూ ఆసరా లేకపోవడంతో ఆ వేగమంతా సుడులుగా మారి వేడిగా కరిగిపోతుంది. పీడనంగా తిరిగి వచ్చేది కొంతే. β 0.5 ఉన్న ప్లేటుకు కొలిచిన పీడనం తేడాలో 73 శాతం శాశ్వతంగా పోతుంది, అంటే 2.52 మీటర్లలో 1.85 మీటర్లు. వెంచురీలో గొంతు తర్వాత 7 నుంచి 15 డిగ్రీల కోణంతో మెల్లగా విశాలమయ్యే డిఫ్యూజర్ ఉంటుంది. నీరు అందులో గోడను పట్టుకునే నెమ్మదిస్తూ వేగాన్ని తిరిగి పీడనంగా మార్చుకుంటుంది. దాని శాశ్వత నష్టం సాధారణంగా కొలిచిన తేడాలో 5 నుంచి 20 శాతం. పది శాతమనుకుంటే ఇక్కడ పది సెంటీమీటర్లు కూడా ఉండదు.

ఇదే కరెంటు లెక్కలోకి మార్చి చూస్తే, 1.85 మీటర్ల హెడ్‌ను 77.6 లీటర్ల ప్రవాహానికి మోయడానికి నీటి వైపు 1.4 కిలోవాట్లు కావాలి. పంపు, మోటారు కలిపి 70 శాతం సామర్థ్యంతో నడుస్తున్నాయనుకుంటే మీటర్ బోర్డు మీద అది 2 కిలోవాట్లు. వెంచురీకి అదే 0.1 కిలోవాటు. రోజుకు ఇరవై గంటలు పంపు నడిచే చోట తేడా 38 యూనిట్లు, ఏడాదికి సుమారు 13,900 యూనిట్లు. ప్లేటు కొని రెండు ఫ్లాంజుల మధ్య బిగించడానికి ఒక పూట చాలు. ఈ కొలతల వెంచురీకి దాదాపు రెండు మీటర్ల పొడవు పైపు కోయాలి, ధర కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఏళ్ల తరబడి ఆగకుండా నడిచే ఎత్తిపోతల లైన్లలో ప్లేటు చవక అనడం బిల్లు చూడకుండా అనే మాట. వెంచురీ వంటి సన్నబడి విశాలమయ్యే గొట్టాలపై ఇటలీకి చెందిన జియోవాన్ని బాటిస్టా వెంచురీ 1797లో రాసినా, దాన్ని నీటి సరఫరా మీటరుగా మార్చింది 1880లలో అమెరికన్ ఇంజనీరు క్లెమెన్స్ హెర్షెల్. పెద్ద పైపుల్లో నీటిని ఆపకుండా, హెడ్ పోగొట్టుకోకుండా కొలవడమే ఆయన ముందున్న అవసరం.

రెండు పరికరాలకూ ఉన్న ఉమ్మడి బలహీనత వర్గమూలం. ప్రవాహం సగమైతే మానోమీటర్ తేడా సగం కాదు, పావు వంతే ఉంటుంది. అయిదో వంతుకు పడిపోతే 200 మిల్లీమీటర్ల తేడా 8 మిల్లీమీటర్లకు దిగుతుంది. కంటితో చదవడంలో రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవడం మామూలే. 200 దగ్గర ఆ పొరపాటు ప్రవాహంలో అర శాతం. 8 దగ్గర పన్నెండు శాతానికి పైగా. వాల్వు కొంత మూసి తక్కువ నీరు పంపే వేళల్లో రాసుకున్న రీడింగులను పూర్తి ప్రవాహపు రీడింగులతో సమానంగా నమ్మకూడదు. పూర్తి ప్రవాహంలో నాలుగో వంతుకు దిగువన ఈ కొలతను వాడకపోవడమే మేలు.

ఆరిఫిస్ కోఎఫిషియంట్ జ్యామితి మీదే నిలబడి ఉందన్న సంగతి పనిలో ఎక్కడ బయటపడుతుందంటే, ప్లేటును తిరగేసి బిగించినప్పుడు. ప్లేటు మందం కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది; రంధ్రం అంచు మాత్రం సన్నగా ఉండాలి కాబట్టి వెనుక వైపు సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కుతారు. పదునైన అంచు నీరు వచ్చే వైపు, ఏటవాలు నీరు పోయే వైపు ఉండాలి. గాస్కెట్ మార్చడానికి విప్పి మళ్లీ పెట్టేటప్పుడు ఇది తిరగబడిందంటే నీరు ఏటవాలు మీదుగా చిన్న గరాటులోకి జారినట్టు మెత్తగా మలుపు తిరుగుతుంది, ధార అంతగా సన్నబడదు, పీడనం అంతగా పడదు. అసలు C పెరిగింది, లెక్కలో మాత్రం పాత 0.605 అలాగే ఉంది. ఫలితంగా మీటర్ తక్కువ చూపిస్తుంది, చెక్కిన ఏటవాలు కొలతను బట్టి ఆ తగ్గుదల పది నుంచి ఇరవై శాతం దాకా ఉండవచ్చు. పదిహేను శాతం అనుకుంటే మన పైపులో మానోమీటర్ 200 బదులు 145 మిల్లీమీటర్లు, లెక్క 77.6 బదులు 66 లీటర్లు చూపిస్తాయి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అందేలా 66 లీటర్ల లెక్కన మోతాదు పెడితే నీటికి నిజంగా అందేది 1.7 మిల్లీగ్రాములే.

దీన్ని పట్టుకోవడానికి ప్లేటు విప్పాల్సిన అవసరం లేదు. ఫ్లాంజుల మధ్య నుంచి బయటికి వచ్చే ప్లేటు చెవి మీద రంధ్రం కొలత చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలు నీరు వచ్చే వైపు కనిపించాలన్నది వాడుక. అవి నీరు పోయే వైపు కనిపిస్తే మొదటి అనుమానం అక్కడే. అనుమానం తీరాలంటే ప్రయోగశాలలో కలెక్టింగ్ ట్యాంకుతో చేసే పనినే సంపు దగ్గర చేయాలి. లోపలి కొలత 12 మీటర్లు, 8 మీటర్లు ఉన్న సంపు అయితే వైశాల్యం 96 చదరపు మీటర్లు. బయటికి పోయే వాల్వు పూర్తిగా మూసి, నీటి మట్టం అర మీటరు పెరగడానికి పట్టే సమయం చూడాలి. అర మీటరు అంటే 48 ఘనపు మీటర్లు. అసలు ప్రవాహం 77.6 లీటర్లైతే 10 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. నిజంగానే 66 లీటర్లైతే 12 నిమిషాలు దాటుతుంది. మీటర్ 66 అంటుండగా సంపు పదిన్నర నిమిషాల లోపే నిండిందంటే తప్పు మీటర్‌దే. అయితే బయటి వాల్వు కారుతూ ఉంటే మట్టం నెమ్మదిగా పెరిగి మీటరే సరైనదన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, ముందు పంపు ఆపి పావుగంట మట్టం కదలకుండా ఉందో లేదో చూసుకున్నాకే ఈ లెక్కను నమ్మాలి.

తిరగేసిన ప్లేటు ఒక్క రోజులో చేసే పనిని అరిగిన అంచు కాలక్రమంలో మెల్లగా చేస్తుంది. వానకాలంలో నది నీటితో వచ్చే సన్నని ఇసుక, ఒండ్రు అంచును కొద్దికొద్దిగా గుండ్రం చేస్తాయి. ప్రమాణం ప్రకారం అంచు గుండ్రం వ్యాసార్ధం రంధ్రం వ్యాసంలో 0.0004 వంతు దాటకూడదు. 150 మిల్లీమీటర్ల రంధ్రానికి అది 0.06 మిల్లీమీటర్లు, సుమారు ఒక తల వెంట్రుక మందం. అంత సూక్ష్మమైనదాన్ని చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది: ప్లేటు విప్పి అంచు మీద టార్చిలైటు వెలుతురు పడేలా పట్టుకుని వంచుతూ చూస్తే, పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, గుండ్రమైన అంచు సన్నని తెల్ల గీతలా మెరుస్తుంది. అలా మెరిస్తే ప్లేటు మార్చాలి, లేదా సంపు కొలతతో కొత్త C కట్టుకోవాలి. వెంచురీకి పదునైన అంచే లేదు కాబట్టి ఈ బాధ దానికి బాగా తక్కువ. దాని ఇబ్బంది గొంతు గోడకు పేరుకునే పాచి, సున్నపు పొర. అది గొంతును చిన్నది చేసి పీడనం తేడాను పెంచుతుంది కాబట్టి అక్కడ మీటర్ తప్పు చూపేది ఎక్కువ వైపుకు.

ప్రయోగశాల రీడింగుల్లోనూ C అంకే తప్పు ఎక్కడుందో చెబుతుంది. ఆరిఫిస్‌కు 0.605 రావాల్సిన చోట 0.582 వచ్చిందంటే 12.6 బదులు 13.6 వేసి ఉంటారు. తిరిగి లెక్క చూడటమే చాలు. వెంచురీకి 1.05 వచ్చిందంటే మాత్రం లెక్క కాదు, పరికరం చూడాలి. రాపిడి లేని నీటి కంటే నిజమైన నీరు ఎక్కువ పోవడం జరగదు కాబట్టి, మానోమీటర్ తక్కువ చూపిస్తోందన్న మాట. మొదట రెండు గొట్టాలను కలిపే వాల్వు పూర్తిగా మూసుకుందా, ఒకవైపు పీడనం రెండో వైపుకు కారిపోతోందా అని చూడాలి. ఆ తర్వాత పంపు ఆపి, ప్రవాహం సున్నా ఉన్నప్పుడు రెండు పాదరస మట్టాలూ ఒకే గీత మీద నిలిచాయా అని చూడాలి. నిలవకపోతే గొట్టంలో గాలి బుడగ ఉన్నట్టు. పై కాక్ తెరిచి నీటితో పాటు బుడగ బయటికి వచ్చేదాకా వదిలి, మళ్లీ సున్నా చూసుకున్నాకే కొత్త రీడింగ్ రాయాలి.